ఇర్సేలో ఉన్నది ‘కొను’ కాదు, ‘పో’

“స్పానిష్ ఒక్క నిమిషంలో! సే అంటే మన ‘కొను’. 1) తెలుగులో ‘కొను’ వచ్చిన చోటల్లా సే పెట్టండి. 2) పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చేసే పనులన్నిటికీ సే వస్తుంది. 3) ఇర్, ఇర్సే ఒకటే. దోర్మిర్, దోర్మిర్సే ఒకటే. సే ఉన్నా లేకున్నా అర్థం మారదు. 4) సే ఎప్పుడూ మారదు, అలాగే వాడేయండి. మీ గ్రూపులన్నిటికీ పంపండి.”

ఇందులో సే అన్నది స్పానిష్ క్రియకి తోకలా తగిలే చిన్న మాట. ఇర్ అంటే వెళ్లడం, దోర్మిర్ అంటే నిద్రపోవడం. ఈ నెలలో ఈ మెసేజ్ నాకు ఆరుగురు పంపారు. అందులో ఇద్దరు శని, ఆదివారాల్లో నా దగ్గర స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్లే. “సర్, మీరు మూడు క్లాసులు తీసుకున్నది ఇక్కడ నాలుగు లైన్లలో ఉంది” అని ఒకాయన రాశాడు. చదివి కోపం వచ్చింది, దాచుకోను. ఆ మూడు క్లాసులూ నేను తీసుకున్నది ఈ నాలుగు లైన్లలో ఉన్న తప్పులు ఆయన నోట రాకూడదనే.

నాలుగోది ముందు తేల్చేస్తాను, దానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సే మారుతుంది. నేను అయితే మే, నువ్వు అయితే తే, మనం అయితే నోస్. నిఘంటువులో దుచార్సే అని సే తోకతో కనిపిస్తుంది కాబట్టి చాలామంది “వోయ్ ఆ దుచార్సే” అంటారు. స్నానం చేయబోయేది నేనైతే “వోయ్ ఆ దుచార్మే” అనాలి. మొదటి నెలలో అందరూ చేసే పొరపాటు ఇది. దీన్ని నియమం అని ఫార్వర్డ్ చేయడం మాత్రం క్షమించలేను.

రెండోది కూడా అంతే. టిఫిన్ తినడం రోజూ చేసే పనే కదా, “దెసాయునో ఆ లాస్ ఓచో” అంటే సరిపోతుంది, మే అక్కర్లేదు. పనిచేయడానికీ అక్కర్లేదు, “త్రాబాహో” చాలు. ఆ పని రోజూ చేస్తామా, ఏడాదికోసారి చేస్తామా అని సే చూడదు. నిద్ర లేచేది నేనైతే “మే దెస్పియెర్తో”. మా అబ్బాయిని నేను లేపితే “దెస్పియెర్తో ఆ మి ఇహో”, అక్కడ మే ఉండదు. రెండూ పొద్దున ఆరింటికి జరిగే పనులే. చేతులు కడుక్కుంటే “మే లావో లాస్ మానోస్”, కారు కడిగితే “లావో ఎల్ కోచే”. పని ఎవరి మీద జరుగుతోందో చూడాలి, గడియారాన్ని కాదు.

ఇక మూడోది. ఈ ఖండన రాయడానికి కారణమే అది.

నా దగ్గర నేర్చుకుని మాడ్రిడ్‌లో ఉద్యోగానికి చేరిన ఒకమ్మాయి చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి పక్క సీటు ఆవిడ వచ్చి “వియేనెస్ ఆ కొమేర్?” అని అడిగింది, భోజనానికి వస్తావా అని. ఈ అమ్మాయి “వస్తున్నా” అనబోయి “సీ, యా మే వోయ్” అంది. ఆవిడ “ఆ, వాలే, ఆస్తా లూనెస్” అనేసి వెళ్లిపోయింది. సరే, సోమవారం కలుద్దాం అని. మన అమ్మాయి ఫైలు మూసి లేచేసరికి అక్కడ ఎవరూ లేరు. నన్ను వదిలేసి వెళ్లిపోయారే అని ఆ రోజంతా బాధపడిందట. సోమవారం అడిగితే ఆవిడే ఆశ్చర్యపోయింది. “నువ్వే కదా ఇంటికి వెళ్లిపోతున్నానన్నావు!”

వోయ్ అన్నది ఇర్‌కే ‘నేను’ రూపం. “యా వోయ్” అంటే మనం తలుపు కొట్టినవాళ్లకి లోపలినుంచి చెప్పే “ఆ, వస్తున్నా”. ఎదుటి మనిషి ఉన్న చోటికి నేను వస్తున్నానని. “యా మే వోయ్” అంటే “ఇక నేను బయల్దేరతా”, అంటే ఉన్న చోటు వదిలేస్తున్నానని. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరం, ‘మే’. ఆ ఒక్క అక్షరంతో మనిషి నడిచే దిక్కే మారిపోయింది. అర్థం మారదని రాసినవాళ్లు ఈ అమ్మాయి ముందు నిలబడి ఆ మాట చెప్పగలరా?

ఇర్ అనగానే వినేవాళ్లకి “ఎక్కడికి” అన్నది తెలియాలి. “వోయ్ ఆల్ మెర్కాదో”, మార్కెట్‌కి వెళ్తున్నా. గమ్యం ఏమీ చెప్పకుండా, ముందు మాటల్లోనూ లేకుండా ఊరికే “వోయ్” అంటే వాక్యం సగంలో ఆగినట్టే. ఇర్సేకి గమ్యం లేకపోయినా ఫర్వాలేదు. “మే వోయ్” అన్నది పూర్తి వాక్యమే, ఎందుకంటే అది చెప్పేది వదిలి వెళ్లడం గురించి. “మే వోయ్ దె మాద్రిద్” అంటే మాడ్రిడ్ వదిలేసి వెళ్లిపోతున్నానని. రెండూ కుదిరే చోట్లు కూడా ఉన్నాయి, కాదనను. “వోయ్ ఆ కాసా” అన్నా “మే వోయ్ ఆ కాసా” అన్నా ఇంటికే. కానీ మొదటిదానిలో చూపు ఇంటి మీద ఉంటుంది, రెండోదానిలో ఇక్కడినుంచి లేవడం మీద ఉంటుంది.

తెలుగువాళ్లకి ఇది కష్టమేం కాదు. ‘వెళ్లు’, ‘వెళ్లిపో’ మధ్య తేడా తెలియని తెలుగు పిల్లాడు ఉండడు. “షాపుకి వెళ్లు” అంటే పని చెప్పడం. “వెళ్లిపో” అంటే ఇక్కడ ఉండకు అని. స్పానిష్‌లోనూ అంతే. “వే ఆ లా తియెందా” అంటే షాపుకి వెళ్లమని, “వేతే” అంటే వెళ్లిపొమ్మని. ఇంటికొచ్చిన చుట్టంతో ఏది అనాలో ఏది అనకూడదో వేరే చెప్పక్కర్లేదు. మెసేజ్ రాసినవాళ్లు తెలుగులో ‘కొను’ దగ్గర వెతికారు. వెతకాల్సింది ‘పో’ దగ్గర. కరెంటు పోయినప్పుడు స్పానిష్ ఇళ్లలో అనే మాట “సే ఫ్వే లా లూస్”. మాటకి మాట అది ‘కరెంటు పోయింది’. ఆ సే తీసేసి “ఫ్వే లా లూస్” అంటే ‘అది ఆ వెలుతురే’ అన్నట్టు అవుతుంది. ఎందుకంటే ఫ్వే అన్న రూపం ఇర్‌కీ, ‘ఉండు, అగు’ అనే సేర్ క్రియకీ రెండిటికీ ఒకటే. చీకట్లో కూర్చుని ఆ మాట అంటే వినేవాళ్లకి ఏం అర్థం కావాలి?

దోర్మిర్ దగ్గర తెలుగు మనకి అంతగా సాయపడదు. “నిద్రపోయాను” అన్న ఒక్క మాటతోనే మనం రెండూ చెప్పేస్తాం. ఎనిమిది గంటలు నిద్రపోయాను అంటాం, సినిమా మధ్యలో నిద్రపోయాను అనీ అంటాం. స్పానిష్‌లో మొదటిది “దోర్మీ ఓచో ఓరాస్”, రెండోది “మే దోర్మీ”. నిద్రలో ఉన్నంతసేపూ దోర్మిర్. మెలకువనుంచి నిద్రలోకి దాటే ఆ క్షణం దోర్మిర్సే. కాబట్టి రెండోదాన్ని తెలుగులో అనుకోవాలంటే ‘నిద్ర పట్టింది’ అని అనుకోండి, తేడా వెంటనే తెలుస్తుంది. ‘ఎంతసేపు’ అని అడగగలిగితే దోర్మిర్, ‘ఎన్నింటికి పట్టింది’ అని అడగాల్సొస్తే దోర్మిర్సే.

నిద్ర సరిగా లేని మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లాడనుకోండి. పదకొండింటికి నిద్ర పడుతుంది, మూడింటికి మెలకువ వస్తుంది, మళ్లీ పట్టదు. స్పానిష్‌లో ఆ రాత్రిని ఇలా చెప్పాలి: “మే దుయెర్మో ఆ లాస్ ఓన్సే, మే దెస్పియెర్తో ఆ లాస్ త్రేస్, దుయెర్మో క్వాత్రో ఓరాస్.” మొదటి రెండిటికీ మే ఉంది, అవి క్షణాలు. మూడోదానికి లేదు, అది నిడివి. అర్థం మారదనుకుని ఈ మనిషి “దుయెర్మె బియెన్?”, అంటే బాగా నిద్రపోతున్నారా అన్న ప్రశ్నకి “నో మే దుయెర్మో” అన్నాడంటే, పడుకున్నాక నిద్రే పట్టడం లేదని డాక్టర్‌కి అర్థమవుతుంది. ఈయన బాధ అది కాదు, మూడింటికి మెలకువ రావడం. “మే దుయెర్మో ఎన్ ఎల్ త్రాబాహో” అంటే పనిలో ఉండగా నిద్ర ముంచుకొస్తోందని. మే లేకుండా అంటే పనిచేసే చోటే పడుకుంటాడని కూడా అనుకోవచ్చు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి “మే దోర్మీ” అంటే లేవాల్సిన టైముకి లేవలేకపోయానని అందరికీ తెలుస్తుంది. ఉత్త “దోర్మీ” అంటే ‘నిద్రపోయాను’ అనే సమాచారం మాత్రమే, అయితే ఏంటి అని చూస్తారు.

ఇవన్నీ నేను పుట్టించిన తేడాలు కావు. స్పెయిన్ భాషా సంస్థ రియల్ అకాదెమియా ఎస్పన్యోలా నిఘంటువు తీసి దోర్మిర్ చూడండి, సే తో వచ్చే అర్థాలు విడిగా గుర్తు పెట్టి ఉంటాయి. కాలు తిమ్మిరెక్కడం కూడా అక్కడే ఉంటుంది. “సే మే దుర్మియో లా పియేర్నా” అంటారు, నా కాలు నిద్రపోయిందని.

ఇర్సేలోని సే కొనుకి చెందదని చూపే పరీక్ష ఒకటుంది. వాక్యం చివర “ఆ మీ మిస్మో”, అంటే ‘నన్ను నేనే’ అని చేర్చి చూడండి. “మే లావో ఆ మీ మిస్మో” అర్థమవుతుంది, నన్ను నేను కడుక్కుంటున్నా. “మే వోయ్ ఆ మీ మిస్మో” అంటే అర్థమే లేదు, ఎవరూ తనని తాను వెళ్లుకోరు. ఇర్‌కి కర్మే లేదు కదా, ఆ పని తిరిగి తన మీద ఎలా పడుతుంది?

ఇప్పుడు మొదటి పాయింటు. దీన్ని పూర్తిగా కొట్టేయాలనే కూర్చున్నాను. రాస్తూ రాస్తూ నా క్లాసు నోట్సు తిరగేస్తే కొంత ఒప్పుకోక తప్పలేదు. కడుక్కోవడం, దువ్వుకోవడం, గడ్డం గీసుకోవడం, బట్టలు వేసుకోవడం, పెళ్లి చేసుకోవడం, వీటన్నిటికీ స్పానిష్‌లో సే ఉంది. ఇంకో సంగతి నేనే ఇన్నాళ్లూ క్లాసులో సరిగా చెప్పలేదు. చేతులు కడుక్కున్నాను అంటాం కానీ ‘నా చేతులు’ కడుక్కున్నాను అనం, ఎవరివో ‘కొను’ చెప్పేస్తుంది. స్పానిష్ కూడా “లాస్ మానోస్” అంటుంది, “మిస్ మానోస్” అనదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ‘నా’ పెట్టి నెలల తరబడి తప్పు చేస్తారు. తెలుగు మీదుగా వచ్చినవాళ్లకి అది చెప్పకుండానే రావాలి. ఈ ఒక్కటి ఆ మెసేజ్ వల్లే గమనించాను.

కానీ ‘వచ్చిన చోటల్లా’ అన్న మాట దగ్గర ఆగిపోవాలి. స్నానం చేశాను, లేచాను అన్న మాటల్లో కొను లేదు, “మే దుచే”, “మే లెవంతే” రెండిటికీ మే కావాలి. అటు ‘అనుకున్నాను’లో కొను ఉంది, “పెన్సే”కి మే లేదు. ‘స్పానిష్ నేర్చుకున్నాను’ అన్న వాక్యంలోనూ కొను ఉంది. దాన్ని స్పానిష్‌లో చెప్పండి: “ఆప్రెందీ ఎస్పన్యోల్.”