అగ్గితెగులుకి ‘ఫైర్ బ్లైట్’ అంట!

పొద్దున్నే వాట్సాప్‌లో ఫైలు పడింది. "అన్నా, సారాంశం, పద్ధతులు ఇంగ్లీషులోకి మార్చేశాం. ఒక్కసారి చూసి పెట్టు, సాయంత్రానికి పంపేయాలి." ఒడిశాలోని రాయగడ కొండల్లో పండే చోడి మీద, అదే రాగుల మీద, పేపరు. మూడో వాక్యం దగ్గరే టీ చల్లారిపోయింది. అగ్గితెగులు అని ఉండాల్సిన చోట ‘ఫైర్ బ్లైట్’ అని రాశారు.

అగ్గి అంటే ఫైరు, తెగులు అంటే బ్లైటు, లెక్క సరిపోయింది! కానీ ఫైర్ బ్లైట్ అనేది ఆపిల్, పియర్ చెట్లకొచ్చే జబ్బు. ఎర్వీనియా అమైలోవోరా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. చోడికి అగ్గితెగులు తెచ్చేది శిలీంద్రం, పైరిక్యులేరియా. ఇంగ్లీషులో దాన్ని ‘బ్లాస్ట్’ అంటారు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలొస్తే లీఫ్ బ్లాస్ట్, కంకి మెడ దగ్గర వస్తే నెక్ బ్లాస్ట్, కంకి వేళ్ళ మీద వస్తే ఫింగర్ బ్లాస్ట్. తెలుగు పేపర్లో మూడూ విడివిడిగానే లెక్కేశారు. అనువాదంలో మూడూ కలిసి ఒకే మంటలో పడ్డాయి. పైగా కింద పేరాలో ట్రైసైక్లజోల్ పిచికారీ చేశామని ఉంది. అది శిలీంద్రనాశిని. ఆపిల్ చెట్టు బాక్టీరియా జబ్బు చోడికి వచ్చింది, దానికి శిలీంద్రం మందు కొట్టారు, తగ్గింది కూడా! ఇది చదివిన రివ్యూయర్ రెండో పేజీ తిప్పుతాడా?

పదేపదే చెప్పేదొకటే. జబ్బు పేరు, పురుగు పేరు, మొక్క పేరు తెలుగు మాట నుంచి ఇంగ్లీషు మాటకి నేరుగా దూకకూడదు. మధ్యలో లాటిన్ పేరు మీద కాలు పెట్టి దాటాలి. తెలుగు పేపర్లో లాటిన్ పేరు ఉంటే సరే, లేకపోతే రాసినాయన్ని అడగాలి. ఆ పేరుతో ఇంగ్లీషు పేపర్లు తెరిస్తే వాళ్ళు ఏ మాట వాడుతున్నారో అక్కడే కనిపిస్తుంది. చేతిలో పారిభాషిక పదకోశం ఉంది కదా అంటారు. ఆ పదకోశాలు చాలావరకు ఇంగ్లీషు నుంచి తెలుగుకి చేసినవి. వెనక్కి నడవడానికి వేసిన దారి కాదది. ఒక తెలుగు మాటకి ఎదురుగా నాలుగు ఇంగ్లీషు మాటలు దొరుకుతాయి. మనవాళ్ళు మొదటిది పట్టుకుని పరిగెడతారు.

పొట్ట దశని ‘స్టమక్ స్టేజ్’ చేశారు. బూటింగ్ స్టేజ్ అండీ, బూటింగ్! కంకి ఇంకా ఆకు తొడుగులో దాక్కుని ఉబ్బుగా కనిపించే దశ. ‘ఒక తడి ఇచ్చాం’ అంటే ‘వన్ వెట్టింగ్’ అట. పిలకలు టిల్లర్స్ అవ్వాలి గానీ ‘బేబీ ప్లాంట్స్’ అయిపోయాయి. సరే, వీటికి నవ్వుకోవచ్చు. చదివినవాడికి తప్పని తెలిసిపోతుంది. నవ్వు రాని తప్పులే కొంప ముంచుతాయి, ఎందుకంటే అవి చూడ్డానికి ఒప్పులాగే ఉంటాయి.

‘యాదృచ్ఛికంగా’ చూడండి. ‘ప్రతి మడిలో యాదృచ్ఛికంగా ఐదు మొక్కలు ఎంచుకున్నాం’ అన్నది ‘కోయిన్సిడెంటల్లీ’ అయింది. ఐదు మొక్కలు దారిలో ఎదురుపడ్డాయి కాబోలు. అది పోనీ, దిద్దొచ్చు. కింద ఇంకో వాక్యం ఉంది: ‘మళ్ళను చీటీలు తీసి యాదృచ్ఛికంగా ఎంపిక చేశాం.’ దీన్ని ‘ర్యాండమ్లీ సెలెక్టెడ్’ అని రాశారు. వినడానికి భేషుగ్గా ఉంది. కానీ పొలం పటం చూస్తే అసలు సంగతి వేరు. మళ్ళన్నీ ప్రయోగంలో ఉన్నవే, ఏదీ వదల్లేదు. చీటీలు తీసింది ఏ మడికి ఏ ఎరువు వేయాలో తేల్చడానికి. అంటే ‘ర్యాండమ్లీ అలాటెడ్’ అనాలి. మొదటి మాట నమూనా తీసే పద్ధతిని చెబుతుంది, రెండోది ప్రయోగం రూపకల్పనని చెబుతుంది. తెలుగులో ‘ఎంపిక’ అనే ఒక్క మాట రెండు పనులూ చేసేస్తుంది, ఇంగ్లీషులో చేయదు. పటం చూడకుండా ఆ వాక్యాన్ని ముట్టుకోకూడదు.

సారాంశంలో ఇంకా పెద్ద ప్రమాదం ‘గణనీయంగా’. మన తెలుగులో అన్నీ గణనీయంగానే పెరుగుతాయి, ఉల్లిపాయ ధరతో సహా. ఇంగ్లీషు పేపర్లో ‘సిగ్నిఫికెంట్లీ’ అన్నామంటే గణాంక పరీక్షలో నెగ్గిందని పూచీ ఇచ్చినట్టు. రెండు పద్ధతుల మధ్య తేడా హెక్టారుకి 140 కిలోలు, పట్టిక కింద ఐదు శాతం దగ్గర సి.డి., అంటే తేడా నిజమనడానికి దాటాల్సిన కనీస హద్దు, 190 అని ఉందనుకోండి. తేడా సి.డి. కన్నా తక్కువ కాబట్టి ఆ మాట వాడటం అబద్ధం చెప్పడమే. పెరిగింది గానీ తేడా గణాంకపరంగా తేలలేదని రాయాలి. ఇది తెలియాలంటే అనువాదకుడు పట్టిక చూడాలి. పట్టిక మాకెందుకు, మాకు సారాంశం ఒక్కటే ఇచ్చారంటారు! తెలుగులో సార్థకత అనే మాట ఉంది కదా, పరీక్షలో తేలినప్పుడు అది రాసి, తేలనప్పుడు ‘బాగా పెరిగింది’ అంటే రాసినాయన సొమ్మేం పోతుంది?

తెలుగు చెప్పనిది అనువాదంలో పుట్టించడం ఇంకో జాడ్యం. ‘విత్తనం నానబెట్టి, ఆరబెట్టి, జానెడు దూరంలో నాటాం.’ ఎన్ని గంటలు నానబెట్టారు? నీడలోనా, ఎండలోనా? ఇంగ్లీషులో చూస్తే ‘22.5 సెంటీమీటర్లు’ అని దశాంశంతో సహా దిగింది. జానెడుకి ఆ దశాంశం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరి చెయ్యి కొలిచారు? అడిగితే రాసినాయన తాడుకి ముడులేసి కొలిచానని చెప్పొచ్చు, అప్పుడు ఆ అంకె రాయండి. లేకపోతే ‘సుమారు’ అని పెట్టండి. ఎకరానికి 8 క్వింటాళ్ళని హెక్టారుకి మార్చేటప్పుడు కూడా ఇదే గోల. ఎకరం 0.4047 హెక్టారు కాబట్టి 1,976.8 వస్తుంది. ఎనిమిది అని చేత్తో చూపించినవాడి లెక్కకి ఆ పాయింటు ఎనిమిది ఎందుకు? సుమారు 2,000 కిలోలు చాలు.

ఇక అసలు కడుపు మంట. పంట పేరు. తెలుగు మూలంలో మొదట చోడి అనే ఉందట. మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు అందరూ అనేది అదే, శ్రీకాకుళం వైపూ అదే. అవతలి నుంచి ఎవరో పెద్దమనిషి చూసి, ‘ఇది మాండలికం, ఒడిశా తెలుగు, ప్రామాణికంగా రాయండి’ అని అన్నిచోట్లా రాగి అని మార్పించాడు. మా తెలుగు అంటే వీళ్ళకి ఎప్పుడూ అంతే, ఏదో కల్తీ నూనె చూసినట్టు చూస్తారు. ఒడియా వాళ్ళేమో మమ్మల్ని తెలుగోళ్ళంటారు, తెలుగోళ్ళేమో ఒడియా వాళ్ళంటారు, మధ్యలో చోడికి కూడా పౌరసత్వం లేకుండా చేశారు.

ఫలితం? ఆ పేపర్లో గింజలో ఇనుము, జింకు, రాగి ఎంతున్నాయో చూసిన పేరా ఒకటి ఉంది. ప్రామాణిక తెలుగులో అది ‘రాగిలో రాగి’ అయింది. ఇంగ్లీషులోకి ‘కాపర్ కంటెంట్ ఇన్ కాపర్’ అని దిగింది. పద్ధతుల్లో ‘కాపర్ ఫ్లోర్ 10 గ్రాములు తీసుకుని’ అని కూడా ఉంది. రాగి పిండి అన్నమాట, అంబలి కాచుకుని తాగండి! చోడి అని ఉంచి ఉంటే పంట ఫింగర్ మిల్లెట్ అయ్యేది, లోహం కాపర్ అయ్యేది, ఎవరూ ఎవరి దారికీ అడ్డొచ్చేవారు కాదు.

ఫైలు దిద్ది పంపాను. మూలంలో కూడా అన్నిచోట్లా చోడి అని తిరిగి పెట్టి, మొదటిసారి వచ్చిన చోట పక్కనే ఎల్యూసిన్ కొరకానా అని చేర్చాను. పావుగంటలో జవాబొచ్చింది: "థాంక్స్ అన్నా. కానీ చోడి అంటే సారు ఒప్పుకోరేమో."