దూలం ఎంత కుంగుతుందో బరువు ఒక్కటే చెప్పదు

నాలుగు మీటర్ల పొడవున్న ఐఎస్ఎంబీ 200 ఉక్కు దూలాన్ని తీసుకుందాం. సొంత బరువుతో కలిపి మీటరుకు 10 కిలోన్యూటన్ల భారం దాని మీద సమంగా పరచుకుని ఉంది. రెండు చివరలూ గోడల మీద ఊరికే ఆనించి పెడితే మధ్యలో సుమారు 7.5 మిల్లీమీటర్లు కుంగుతుంది. రెండు చివరలూ తిరగకుండా బిగిస్తే కుంగేది 1.5 మిల్లీమీటర్లే. ఒక చివర బిగించి రెండోదాన్ని గాలికి వదిలేస్తే ఆ కొస 72 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఉక్కు మారలేదు, బరువు మారలేదు, పొడవు కూడా అదే.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ మూడింటికీ మూడు సూత్రాలు బట్టీ పట్టిస్తారు. ఒకదానిలో 5/384, ఇంకోదానిలో 1/384, మరోదానిలో 1/8. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. కానీ ఆ మూడూ ఒకే సమీకరణం నుంచి పుట్టాయనీ, తేడా అంతా చివరల దగ్గర రాసే నాలుగు షరతుల్లోనే ఉందనీ పట్టిక చెప్పదు. అందుకే పట్టికలో లేని ఆధారం ఎదురైతే చేయి ఆగిపోతుంది.

కుంగుదల yని కిందికి ధనాత్మకంగా, దూరం xని ఎడమ చివర నుంచి కొలుద్దాం. w అంటే మీటరుకు పడే భారం, E ఉక్కు యంగ్ గుణకం, I దూలం అడ్డుకోత జడత్వ భ్రామకం. దూలం పొడవునా EI మారకపోతే సమీకరణం EI·y'''' = w. దాన్ని నాలుగుసార్లు సమాకలనం చేస్తే వచ్చేవి ఇవి:

```
EI·y''' = w·x + C1
EI·y''  = w·x²/2 + C1·x + C2
EI·y'   = w·x³/6 + C1·x²/2 + C2·x + C3
EI·y    = w·x⁴/24 + C1·x³/6 + C2·x²/2 + C3·x + C4
```

ఒక్కో మెట్టుకూ ఒక్కో భౌతిక అర్థం ఉంది. మొదటి వరుస షియర్, రెండోది బెండింగ్ మొమెంట్, మూడోది వాలు, నాలుగోది కుంగుదల. మొదటి రెండింటికీ మనం ఎంచుకున్న దిశల వల్ల గుర్తు తిరగబడుతుంది: M = −EI·y'', V = −EI·y'''. సగం తప్పులు ఈ మైనస్ దగ్గరే దొర్లుతాయి. ఏ చివరనైనా సరిగ్గా రెండు షరతులు రాయాలి. కుంగుదల, షియర్ అనే జంటలోంచి ఒకటి, వాలు, మొమెంట్ అనే జంటలోంచి ఇంకొకటి. ఊరికే ఆనిన చివర y = 0, y'' = 0. బిగించిన చివర y = 0, y' = 0. ఆధారం లేని కొసన y'' = 0, y''' = 0. అక్కడ y' = 0 అని రాసేవాళ్లు తక్కువేమీ కాదు. నిజానికి కాంటిలీవర్‌లో వాలు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ కొసనే.

ఈ పద్ధతి సత్తా తెలియాలంటే ప్రాప్డ్ కాంటిలీవర్‌ని చూడాలి. అదే దూలం ఎడమవైపు బిగించి ఉంది, కుడివైపు ఒక స్తంభం మీద ఆనింది. బలాల సమతుల్యతతో మాత్రమే దీని ప్రతిచర్యలు తేలవు, తెలియనివి ఒకటి ఎక్కువ. మన సమీకరణంలో మాత్రం వేరే ఉపాయమేదీ అక్కర్లేదు. ఎడమవైపు షరతుల వల్ల C3, C4 రెండూ సున్నా. కుడివైపు x = 4 దగ్గర y'' = 0 అంటే 80 + 4·C1 + C2 = 0. y = 0 అన్నదాన్ని సర్దితే 20 + 2·C1 + 1.5·C2 = 0 అవుతుంది. రెండూ సాధిస్తే C1 = −25, C2 = 20. అంటే గోడ దగ్గర షియర్ 25 కిలోన్యూటన్లు, మొమెంట్ 20 కిలోన్యూటన్ మీటర్లు, స్తంభం మోసేది మిగిలిన 15. ప్రతిచర్యలు ముందుగా కనుక్కుని తర్వాత కుంగుదల వెతకాల్సిన పని లేదు, రెండూ కలిసే వచ్చాయి.

గరిష్ఠ కుంగుదల మధ్యలో ఉంటుందనుకోవడం ఇక్కడ చెల్లదు. y' = 0 పెట్టి, గోడ దగ్గరి x = 0ని పక్కన పెడితే x² − 7.5x + 12 = 0 మిగులుతుంది. దానికి దూలం లోపల పడే మూలం 2.31 మీటర్లు, అంటే మధ్య నుంచి స్తంభం వైపు కాస్త జరిగింది. పట్టికల్లో I సుమారు 2235 సెం.మీ.⁴, E 2×10⁵ మెగాపాస్కల్స్ కాబట్టి EI దాదాపు 4470 kN·m². కుంగుదల 3.1 మిల్లీమీటర్లు వస్తుంది. N·mm² నుంచి kN·m²కి మారేటప్పుడు భాగించాల్సింది 10⁹తో. జవాబు మీటర్లలోనో మైక్రాన్లలోనో వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు ఆ స్తంభం పునాది 10 మిల్లీమీటర్లు దిగిందనుకోండి. పట్టికలో దీనికి గడి ఉండకపోవచ్చు. మనం మాత్రం ఒక్క షరతు మారుస్తాం: కుడివైపు y = 0 బదులు y = 0.010. స్తంభం మోసే భారం 15 నుంచి 12.9 కిలోన్యూటన్లకు తగ్గుతుంది, గోడ దగ్గరి మొమెంట్ 20 నుంచి 28.4కి ఎగబాకుతుంది. పైన బరువు చిటికెడైనా పెరగకుండానే మొమెంట్ 40 శాతానికి పైగా పెరిగింది. స్తంభం బదులు స్ప్రింగులా నొక్కుకుపోయే రబ్బరు బేరింగ్ ఉంటే షరతు EI·y''' = k·y అవుతుంది. అందులో k సున్నా అయితే స్వేచ్ఛగా ఉన్న కొస, k అపారమైతే కదలని ఆధారం. పుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో కనిపించేవి నిజానికి ఒకే గీతకు రెండు కొసలు.

అసలు పేచీ 'బిగించిన' అన్న మాటతోనే. మన దూలాన్ని ఊరికే ఆనించినప్పుడు చివర ఎంత తిరుగుతుందో చూడండి. wL³/24EI లెక్క ప్రకారం 0.006 రేడియన్లు, అంటే డిగ్రీలో మూడో వంతు. 7.5 మిల్లీమీటర్లకూ 1.5కూ మధ్యనున్న దూరమంతా ఆ కాస్త తిరుగుడులోనే ఉంది. గోడలో కొంత దూర్చి సిమెంటు నింపినంత మాత్రాన ఆ మూడో వంతు డిగ్రీ ఆగుతుందని నమ్మలేం. దూలం నిలువు పలక అయిన వెబ్‌కి మాత్రమే క్లీట్లనే చిన్న కోణపు ముక్కలు వేసి బోల్టులు బిగించిన జాయింటునైతే ఊరికే ఆనినట్టే లెక్కగట్టాలి. y' = 0 అని రాయడం గణితంలో చిన్న పని, కట్టడం విషయంలో పెద్ద వాగ్దానం.

రెండు వైపులా ఆధారమున్న దూలంలో ఈ అనుమానానికి ఒక దారి ఉంది. కుంగుదలను ఆనిన దూలంగా, చివరి జాయింట్లను బిగించిన దూలంగా లెక్కవేస్తే నిజం ఆ రెంటి మధ్య పడుతుంది. ఆధారాలు దిగబడనంతవరకే సుమా. ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం పగిలే పూతలున్న అంతస్తు దూలానికి పరిమితి పొడవులో 360వ వంతు, ఇక్కడ 11.1 మిల్లీమీటర్లు. 7.5 అందులో ఇమిడిపోతుంది కాబట్టి బిగింపు మీద వాదన అక్కర్లేదు.

కాంటిలీవర్‌లో ఆ వెసులుబాటు లేదు. బాల్కనీ దూలం 1.5 మీటర్లు ముందుకొచ్చి, గోడలో బిగించిన మూలం దగ్గర 0.002 రేడియన్లు తిరిగితే, దూలం వంగకపోయినా కొస 3 మిల్లీమీటర్లు దిగుతుంది. జాగ్రత్తకోసం మూలాన్ని కీలుగా తీసుకుందామంటే సమీకరణమే ఒప్పుకోదు. కొస దగ్గరి y''' = 0 వల్ల C1 = −wL, మూలం దగ్గరి y'' = 0 వల్ల C2 = 0, వాటిని కొస దగ్గరి y'' = 0లో పెడితే −wL²/2 = 0 అని తేలుతుంది. బరువు ఉన్నంతవరకు అది అబద్ధం. షరతులు నాలుగూ ఉన్నాయి, జవాబు మాత్రం లేదు, ఎందుకంటే ఆ దూలం అప్పటికే పడిపోతోంది.