తోడల్లుడు ఐఆర్‌ఎస్ లెక్కలో బంధువు కాడు

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో భోజనాలకు ఎవరూ వంక పెట్టలేదు. బూరెలు వేడిగా ఉన్నాయి, గుత్తివంకాయ ఆఖరి బంతి దాకా అందింది. మనసులు విరిగింది ఆ తర్వాతే. వండిన రెస్టారెంటు కార్యవర్గంలో ఒకరి తోడల్లుడిదని మూడు వారాలకు వాట్సాప్‌లో తేలింది. డబ్బు చేతులు మారిందని ఎవరూ రుజువు చేయలేదు. మారలేదని చూపించుకునే దారి ఆ సభ్యుడికీ లేకపోయింది. మినిట్స్‌లో ఉన్నది ఒక్క వాక్యం: "భోజనాల ఏర్పాట్లు ఖరారయ్యాయి."

ఇప్పుడు ప్రవర్తనా నియమావళిలో కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్, అంటే సొంత ప్రయోజనం సంఘం నిర్ణయానికి అడ్డొచ్చే సందర్భాల గురించి సెక్షన్ కొత్తగా రాయాలని అందరూ అంటున్నారు. నిజానికి అమెరికాలోని మన సంఘాల్లో చాలావాటికి అలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది. పన్ను మినహాయింపునిచ్చే 501(సి)(3) గుర్తింపు కోసం ఫారం 1023 నింపేటప్పుడు, దాని సూచనల్లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన నమూనాను దించుకుని సంతకాలు పెట్టేస్తారు. నమూనా మంచిదే. కానీ అది డబ్బు సంబంధాల వరకే మాట్లాడుతుంది. వ్యాపారం ద్వారా గానీ, పెట్టుబడి ద్వారా గానీ, కుటుంబం ద్వారా గానీ లాభం ఉంటే చెప్పాలంటుంది. కుటుంబమంటే ఎవరెవరో విప్పి చెప్పదు.

ఆ జాబితా కోసం, సంఘాలు ఏటా ఐఆర్‌ఎస్‌కు దాఖలు చేసే ఫారం 990 సూచనలు తిరగేస్తే అసలు చిక్కు కనిపిస్తుంది. అక్కడ కుటుంబమంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, తాతముత్తాతలు, తోబుట్టువులు, పిల్లలు, మనవలు, మునిమనవలు, ఆపైన తోబుట్టువుల, పిల్లల, మనవల, మునిమనవల జీవిత భాగస్వాములు. అంతే. అక్క మొగుడు అందులో ఉన్నాడు, భార్య తమ్ముడు లేడు. తోడల్లుడు లేడు. మేనమామ, మేనల్లుడు, వియ్యంకుడు లేరు. పిల్లనిచ్చిన మామగారు కూడా లేరు. మన ఇళ్లలో పెళ్లికి పెద్దరికం వహించేవాళ్లు, అప్పుకు హామీ ఉండేవాళ్లు, ఊరు మారితే సామాను మోసేవాళ్లు ఎక్కువగా వీళ్లే. ఆ బంధాలు గొప్పవి. అవి లేకుంటే ఈ దేశంలో మనలో సగం మందికి మొదటి ఏడాది గడిచేదే కాదు. అందుకే ఆ జాబితాను అలాగే దించుకుంటే మనకు పనికిరాదు. సంక్రాంతి నాటి సభ్యుడు ఆ జాబితా ప్రకారం ఏ తప్పూ చేయనట్టే.

కాబట్టి మన సెక్షన్‌లో ఈ వాక్యం తెలుగులోనే ఉండాలని నా వాదన: "ఐఆర్‌ఎస్ చెప్పిన కుటుంబ సభ్యులతో పాటు అత్తమామలు, బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు, తోడల్లుళ్లు, తోటికోడళ్లు, మేనమామలు, మేనత్తలు, మేనల్లుళ్లు, మేనకోడళ్లు, వియ్యంకులు, వ్యాపార భాగస్వాములు, యజమానులు కూడా దగ్గరివారే." గీత ఎక్కడ ఆగుతుందో కూడా రాయాలి. ఒకే ఊరు, ఒకే జిల్లా, ఒకే కాలేజీ అయినంత మాత్రాన వెల్లడి అక్కర్లేదు. అదీ చేర్చామంటే అందరూ అందరి గురించీ చెప్పాల్సి వస్తుంది, ఆ ఫారాలు ఎవరూ చదవరు.

ఉదాహరణలు లేకుండా నియమం రాస్తే ప్రతివాడూ అది తనకు కాదనుకుంటాడు. భోజనాల ఉదాహరణను అంకెలతో సహా సెక్షన్‌లోనే పెట్టాలి. ఉగాదికి 450 మందికి మూడు కొటేషన్లు వచ్చాయనుకుందాం. కోశాధికారి తోడల్లుడిది ప్లేటుకు 14 డాలర్లు, మిగతా రెండూ 15, 16. తక్కువకు వచ్చినవారికే ఇచ్చాం, ఇందులో తప్పేముందంటారు. మొదటిది మొత్తం 6,300 డాలర్లు. కానీ వడ్డించే నలుగురికి మనిషికి 150 చొప్పున మరో 600 ఆ కొటేషన్‌లో కలవలేదు. కలిపితే 6,900. పదిహేను డాలర్లవాళ్లు వడ్డన కలిపే చెప్పారు, వాళ్లది 6,750. చవకనుకున్నదే 150 డాలర్లు ఎక్కువ. ఇందులో మోసం లేకపోవచ్చు. ముగ్గురికీ ఒకే పట్టిక పంపకపోవడం వల్లే ఇలా జరుగుతుంది. వంటకాలు, మనుషుల సంఖ్య, వడ్డన, విస్తళ్లు, చివరి లెక్క చెప్పాల్సిన తేదీ, అన్నీ ఒకే కాగితం మీద ముగ్గురికీ వెళ్లాలి.

అంతకన్నా పెద్ద తప్పు, కొటేషన్లు తెప్పించిన మనిషే బంధువు కావడం. మిగతా ఇద్దరి ధరలు చూశాక మూడోది వచ్చిందంటే అది పోటీ కాదు. గుర్తుపట్టడం తేలిక: బంధువు కొటేషన్ ఎప్పుడూ ఆఖరున, ఎప్పుడూ ఒక్క డాలరు తక్కువకు వస్తుంది. అందుకని మూడూ సంబంధం లేని ఒకరి మెయిలుకే రావాలి, గడువు దాటాకే తెరవాలి. స్పాన్సర్‌షిప్పును ఇందులో కలపకూడదు. "వెయ్యి డాలర్ల బ్యానర్ కూడా ఇస్తున్నాడు కదా" అన్న మాట లెక్కలోకి వస్తే, మిగతా ఇద్దరినీ ఆ మాట అడిగి ఉండాలి.

డబ్బు లేని ఉదాహరణ ఒక్కటైనా ఉండాలి, ఐఆర్‌ఎస్ నమూనా దాన్ని పట్టించుకోదు కనుక. నాట్య పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన గురువుగారి శిష్యురాలు పోటీలో ఉంటే, ఆ విభాగం మొత్తానికి ఆ గురువుగారు మార్కులు వేయకూడదు. శిష్యురాలి ఒక్క నృత్యానికే తప్పుకుంటే చాలదు, ఎందుకంటే ఎదుటి పిల్లకు తక్కువ వేసినా ఫలితం మారుతుంది.

ఇక వెల్లడి పద్ధతి. కొత్త కార్యవర్గం తొలి సమావేశంలోనే అందరూ ఒక పేజీ ఫారం నింపాలి. అందులో మనమూ మన దగ్గరివారూ నడిపే వ్యాపారాలు, పనిచేసే సంస్థలు, పదవులున్న ఇతర సంఘాలు రాయాలి. ఏడాది మధ్యలో ఏదైనా అంశం అజెండాలోకి వచ్చినప్పుడు సంబంధం ఉంటే, సమావేశానికి 48 గంటల ముందు కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పాలి. కార్యదర్శిదే సంబంధమైతే అధ్యక్షుడికి. సమావేశంలో ఆ సభ్యుడు తెలిసిన వివరాలు చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చి, బయటికి వెళ్లాలి. జూమ్ అయితే వెయిటింగ్ రూములోకి. కెమెరా ఆపి కూర్చుంటే వెళ్లినట్టు కాదు. మిగిలినవారు చర్చించి ఓటు వేస్తారు. ఎవరు ఏ సంబంధం వెల్లడించారు, చర్చలో ఎవరున్నారు, ఏ ప్రత్యామ్నాయాలు చూశారు, ఎవరు ఎటు ఓటేశారు, ఇవన్నీ మినిట్స్‌లోకి ఎక్కాలి.

ఈ పద్ధతి ఎక్కడ కూలుతుందంటే వాట్సాప్‌లో. సమావేశంలో బయటికి వెళ్లిన మనిషి గ్రూపులో ఉండనే ఉంటాడు. రాత్రి పదకొండింటికి ఎవరో "అందరికీ ఓకేనా" అంటారు, ఆరు బొటనవేళ్లు లేస్తాయి, ఒప్పందం అయిపోతుంది. ఆయన చూస్తుండగా కాదనేవాళ్లు కారు మనవాళ్లు, ఊరుకునే మొహమాటస్తులు. వెల్లడి జరిగిన అంశంపై గ్రూపులో చర్చగానీ ఓటుగానీ చెల్లదని సెక్షన్‌లో నేరుగా రాయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ సెక్షన్ ఓటుకు వస్తుందంటున్నారు. దాచినవారికి శిక్ష ఏమిటన్న దగ్గరే చర్చంతా నడుస్తుందేమోనని నా భయం. దాచారనిపిస్తే ముందు పిలిచి అడగాలి, చెప్పుకునే అవకాశమివ్వాలి, ఆ తర్వాతే చర్య. నమూనాలో ఆ వరుస సరిగానే ఉంది. నేను వేడుకునేది వెల్లడించినవారి గురించి. "మా తోడల్లుడిది" అని లేచి చెప్పిన మనిషిని అనుమానంగా చూస్తే రెండోవాడు చెప్పడు. వెల్లడి నేరాంగీకారం కాదన్న వాక్యం సెక్షన్ తలమీదే ఉండాలి. ఆయన బయటికి వెళ్లాక సంబంధం లేనివారు లెక్క చూసి, తోడల్లుడిదే మేలైన కొటేషన్ అని తేల్చితే, కాంట్రాక్టు నిక్షేపంగా ఆయనకే ఇవ్వాలి. ఉగాది కొటేషన్లు పిలిచేలోపు ఆ ఒక పేజీ ఫారాలు కార్యదర్శికి చేరాలి, మొదటి సంతకం అధ్యక్షుడిది కావాలి.