లేవలేని రోగి ఎత్తు: మోకాలిది ఒక లెక్క, ముంజేతిది ఇంకో లెక్క

ఐసీయూ కేసు షీట్లు వరుసగా తిరగేస్తే ఎత్తు గడిలో 160, 165, 170 అన్న అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి. మనుషులు అంత గుండ్రని అంకెల్లో పెరగరు. ఆ ఎత్తు ఎవరూ కొలవలేదని, మంచం పక్కన నిలబడి ఎవరో అంచనా వేశారని దానర్థం. పడుకున్న మనిషి, అందులోనూ దుప్పటి కప్పుకుని ఉన్న మనిషి ఎత్తు కంటికి సరిగా ఆనదు. ఇంటివాళ్లను అడిగితే "అమ్మ నా భుజం దాకా వచ్చేదండీ" అంటారు. ఆ భుజం ఎంత ఎత్తులో ఉందో మళ్లీ మనమే చూసుకోవాలి.

వెంటిలేటర్ పెట్టిన రోగి విషయంలో ఈ అంచనా నేరుగా ఊపిరితిత్తుల మీద పడుతుంది. మనిషి లావెక్కినా ఊపిరితిత్తులు పెరగవు. వాటి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది. అందుకే ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలో అసలు బరువుతో కాకుండా, ఎత్తు నుంచి లెక్కగట్టిన 'అంచనా బరువు'తో నిర్ణయిస్తారు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న ఏఆర్‌డీఎస్ రోగుల మీద అమెరికాలో జరిగి 2000లో వెలువడిన పరీక్షలో కిలోకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. ఇచ్చినప్పుడు మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. అక్కడ కిలో అంటే ఈ అంచనా కిలోనే. ఎత్తు తప్పితే 6 మి.లీ. అనుకున్నది 6 కాకుండా పోతుంది.

నిలబెట్టలేని మనిషికి వాడే కొలతలు ప్రధానంగా రెండు. ఒకటి మోకాలి ఎత్తు. దీనికి 60 దాటినవారి కోసం చమ్లీ బృందం 1985లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. రెండోది ముంజేతిలో చిటికెన వేలి వైపు ఉండే అల్నా ఎముక పొడవు. బ్రిటన్‌లో పోషకాహార లోపాన్ని పసిగట్టడానికి వాడే 'మస్ట్' పద్ధతిలో దీనికి పట్టిక ఉంది. ఆ పట్టిక వెనక ఉన్న లెక్కతో సహా, పెద్దవయసు వారి సూత్రాలు ఇవి (అన్నీ సెంటీమీటర్లలో):

```
మోకాలు, పురుషుడు = 64.19 − 0.04 × వయసు + 2.02 × మోకాలి ఎత్తు
మోకాలు, స్త్రీ    = 84.88 − 0.24 × వయసు + 1.83 × మోకాలి ఎత్తు
అల్నా, పురుషుడు (65 పైన) = 86.3 + 3.15 × అల్నా
అల్నా, స్త్రీ (65 పైన)    = 80.4 + 3.25 × అల్నా
```

ఒక ఉదాహరణ చూద్దాం. 68 ఏళ్ల మహిళ, కుడివైపు పక్షవాతం, పైగా న్యుమోనియా, వెంటిలేటర్ మీద ఉంది. ఎడమ మోకాలి ఎత్తు 45.5, ఎడమ అల్నా 23 వచ్చాయి. మోకాలి లెక్కన ఎత్తు 151.8 సెం.మీ. అల్నా లెక్కన 155.2. కొడుకు చెప్పింది 5 అడుగుల 4 అంగుళాలు, అంటే 162.6. స్త్రీకి అంచనా బరువు 45.5 + 0.91 × (ఎత్తు − 152.4). దాని ప్రకారం 6 మి.లీ. చొప్పున మోకాలి లెక్కకు శ్వాసకు 270 మి.లీ., అల్నా లెక్కకు 288, కొడుకు మాటకు 329 వస్తాయి. మోకాలి ఎత్తే నిజమైతే ఆ 329 మి.లీ. అంటే కిలోకు 7.3 చొప్పున ఇచ్చినట్టు. వెంటిలేటర్ తెర మీద మాత్రం అంతా పద్ధతిగానే కనిపిస్తుంది.

అల్నా కొలత తేలిక. చేతిని ఛాతీ మీదుగా మడిచి, అరచేయి లోపలికి, వేళ్లు ఎదుటి భుజం వైపు ఉండేలా పెట్టి, మోచేతి కొన నుంచి మణికట్టు దగ్గర ఉబ్బెత్తుగా తగిలే ఎముక మధ్య వరకు టేపు పెడితే చాలు. అర సెంటీమీటరుకు సరిచేసి రాస్తారు. మోకాలికి వాడే రెండు పలకల కొలత పరికరం, కాలిపర్, దీనికి అక్కర్లేదు, కాలు కదిలించే పని లేదు. అందుకే వార్డుల్లో చాలామంది దీనివైపే మొగ్గుతారు. నా లెక్కలో మాత్రం ఇది రెండో స్థానంలోనే ఉండాలి.

కారణం సూత్రంలో కొలతను హెచ్చించే గుణకమే. అల్నాలో ఒక సెంటీమీటరు తప్పితే స్త్రీ ఎత్తులో 3.25 తప్పుతుంది. మోకాలి దగ్గర అదే తప్పు 1.83తో ఆగుతుంది. మణికట్టు దగ్గర ఒక సెంటీమీటరు తప్పడం పెద్ద వింత కూడా కాదు. సెలైన్ కాన్యులాకు వేసిన ప్లాస్టర్, చేతి వాపు, చిటికెన వేలి వైపు ఎముకకు బదులు బొటనవేలి వైపు ఎముకను పట్టుకోవడం, వీటిలో ఏదైనా చాలు. పైగా పట్టికలో వయసును 65 దగ్గర ఒక్క గీతతో కోశారు. అల్నా 25 ఉన్న పురుషుడు ఆ గీతకు ఇవతల 169 సెం.మీ., అవతల 165. ఒక్క పుట్టినరోజుతో నాలుగు సెంటీమీటర్లు పోయాయన్నమాట! చమ్లీ సూత్రంలో వయసు ఏడాదికేడాది కొద్దికొద్దిగా తగ్గిస్తుంది, అది వెన్ను కుంగే తీరుకు దగ్గర.

మోకాలి కొలతకు ఓపిక కావాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని 90 డిగ్రీలకు, పాదాన్ని చీలమండ దగ్గర 90 డిగ్రీలకు మడవాలి. కాలిపర్ కదలని పలక మడమ కింద, కదిలే పలక మోకాలి చిప్పకు కాస్త పైన తొడ మీద ఉండాలి. కడ్డీ పిక్క ఎముకకు సమాంతరంగా సాగాలి. పలకను చర్మం కొద్దిగా నొక్కుకునేంత వరకే బిగించాలి. రెండుసార్లు కొలిచి, అర సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ కొలవాలి. కాలిపర్ లేకపోతే రెండు గట్టి అట్టలను ఆ పలకల స్థానంలో పెట్టి, మధ్య దూరాన్ని టేపుతో తిన్నగా కొలవవచ్చు. టేపును కాలి ఒంపు మీదుగా పోనిస్తే పని చెడుతుంది.

ఎక్కువగా తప్పేది కోణం దగ్గరే. నెలల తరబడి మంచాన ఉన్నవాళ్లకు కీళ్లు బిగుసుకుంటాయి. మోకాలు 90కి రాక 120 దగ్గర ఆగితే తొడ పైకి వాలి, పలక మడమకు దూరమవుతుంది, కొలత పెరుగుతుంది. పలక తొడ మీద చదునుగా ఆనకుండా ఒక అంచుతోనే తగులుతోందంటే కోణం సరిగా లేదని తెలుసుకోవాలి. తొడ వాపు కూడా కొలతను పెంచుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు పొట్టిగా ఉంటుంది కాబట్టి రెండో కాలే కొలవాలి. రెండు కాళ్లూ పనికిరానప్పుడు అల్నాకు వెళ్లాలి.

ఇంత చేసినా సూత్రానికి తన సొంత తప్పు ఉంది, సుమారు నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ. అది అమెరికా తెల్లజాతి వృద్ధుల కొలతల నుంచి పుట్టింది. కాలికీ మొండేనికీ ఉండే నిష్పత్తి అన్ని జనాల్లో ఒకేలా ఉండదు, అందుకే తైవాన్ వంటి చోట్ల సొంత సూత్రాలు కట్టుకున్నారు. మన రోగి విషయంలో 151.8 అన్నది 152కు దగ్గరగా ఉన్న ఒక అంచనా, అంతే. దశాంశాన్ని నమ్మకూడదు.

అసలు ఇబ్బంది పద్ధతులు మారినప్పుడు వస్తుంది. ఆ మహిళ బరువు మంచం తూకంలో 44 కిలోలు అనుకుందాం. మోకాలి ఎత్తుతో బీఎంఐ 19.1, 'మస్ట్'లో దానికి ఒక పాయింటు. అల్నా ఎత్తుతో 18.3, రెండు పాయింట్లు, అంటే ఎక్కువ ప్రమాదం. సోమవారం నర్సు మోకాలితో, గురువారం డైటీషియన్ అల్నాతో లెక్కవేస్తే, గ్రాము తగ్గని రోగి చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. కేసు షీటులో "ఎత్తు 152" అని వదిలేయకుండా "152, ఎడమ మోకాలు 45.5, కాలిపర్" అని రాస్తే గురువారం వచ్చినవారికి టేపు తీసే పనే ఉండదు.