‘ఏం కాలేదు సార్’ అన్నంత మాత్రాన ఆడించొద్దు

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గాల్లోకి లేచిన బంతి కోసం ఇద్దరు పిల్లలు ఎగిరారు. తలలు ఢీకొన్నాయి. ఒకడు లేచి, రెండడుగులు తూలి, ‘ఏం కాలేదు సార్’ అన్నాడు. కాసేపటికి బంతి తీసుకుని సొంత గోల్ వైపే పరుగెత్తాడు. టీచర్ నమ్మాల్సింది వాడి మాటను కాదు, ఆ పరుగును.

‘స్పృహ తప్పలేదు కదా’ అనుకోవడమే మన మైదానాల్లో జరుగుతున్న పెద్ద పొరపాటు. దెబ్బ తగిలి మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. అది అయినవాళ్లలో స్పృహ తప్పేది పదిమందిలో ఒకరికన్నా తక్కువే. శూన్యంలోకి చూడటం, తూలడం, అడిగిందే మళ్లీ అడగడం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ పిల్లాడికి ఆ రోజు ఆట లేదు. ఇప్పుడు ఏ హాఫ్ జరుగుతోంది, చివరి గోల్ ఎవరు కొట్టారు అని అడగండి. సరిగ్గా చెప్పినా తిరిగి ఆటలోకి పంపకండి. కొన్ని లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. అందుకే ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకు అప్పగించాలి, డాక్టర్‌కి చూపించమని చెప్పాలి. మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, మెడ నొప్పి, చేతులు కాళ్లలో తిమ్మిరి, పెరుగుతున్న తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికే. మెడ నొప్పి అంటే పిల్లాణ్ని కదపకుండా అంబులెన్స్‌ను పిలవాలి.

ఇక తిరిగి ఆడించడం. తొలి ఒకటి రెండు రోజులు ఇంటి పనులు, నెమ్మదిగా నడక చాలు. ఫోన్, టీవీ తగ్గించాలి. చీకటి గదిలో పడుకోబెట్టనక్కర్లేదు. తర్వాత తేలికపాటి వ్యాయామం, ఆపై ఒంటరిగా పరుగు, డ్రిబ్లింగ్. ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు.

మన పిల్లాడు జాగింగ్ మొదలుపెట్టాడనుకుందాం. పదికి ఒకటిగా ఉన్న తలనొప్పి నాలుగుకి పెరిగింది. అక్కడే ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించాలి. ఆ మాత్రానికి భయపడక్కర్లేదు. కానీ జట్టుతో కలిసి చేసే ప్రాక్టీస్ అలా కాదు. లక్షణాలన్నీ పూర్తిగా పోయి, పాఠాలు మునుపటిలా వినగలుగుతూ, డాక్టర్ సరేనన్నాకే అందులోకి రావాలి. మొదట ఒకరినొకరు తాకని డ్రిల్స్, తర్వాత మామూలు ప్రాక్టీస్, చివరగా మ్యాచ్. ఈ దశలో తలనొప్పి తిరిగొస్తే మళ్లీ ఒంటరి సాధనకే వెళ్లాలి.

వచ్చేవారం ఫైనల్ ఉన్నా ఈ లెక్క మారకూడదు. కోలుకోని మెదడుకు మరో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పిల్లాణ్ని ఎప్పుడు ఆడించాలో తేల్చే భారం జట్టును గెలిపించాల్సిన కోచ్ ఒక్కడి మీదే వదలకూడదని మా అభిప్రాయం. ఏ మెట్టు ఏ తేదీన దాటాడో రాసిన కాగితం క్లాస్ టీచర్ దగ్గర, తల్లిదండ్రుల దగ్గర కూడా ఉండాలి.