రివర్స్ బెట్‌లో 120 డాలర్ల లెక్క

“ఒక జట్టు గెలిచింది, ఒకటి ఓడింది. 10 డాలర్లే పోవాలి కదా, రివర్స్ బెట్‌లో 120 ఎందుకు పోయాయి?”

అమెరికన్ ఫుట్‌బాల్ పందేల్లో సాధారణ ధర -110, అంటే 100 డాలర్లు గెలవడానికి 110 ఒడ్డాలి. ఇఫ్ బెట్‌లో మొదటి జట్టు గెలిస్తేనే రెండో జట్టుపై 110 డాలర్ల పందెం అమల్లోకి వస్తుంది కనుక, మొదటిది గెలిచి రెండోది ఓడితే నష్టం 10 డాలర్లే. మొదటిదే ఓడితే మాత్రం 110 పోతాయి, ఆ తర్వాత రెండో జట్టు గెలిచినా మీకు పైసా రాదు. రివర్స్ అంటే ఇవే పందేలను అటు నుంచీ ఇటు నుంచీ రెండు వరుసల్లో కాయడం. పేరు చూసి ఒకటే పందెమనుకోవడం వల్లనే చాలామంది పొరబడతారు. మీకు గెలిచిన జట్టుతో మొదలైన వరుసలో 10, ఓడిన జట్టుతో మొదలైన వరుసలో 110 పోయాయి. రెండూ గెలిచి ఉంటే 400 లాభం, రెండూ ఓడి ఉంటే 220 నష్టం. మొదటి పందెం సమమై డబ్బు వెనక్కి వస్తే రెండోది నడుస్తుందా లేదా అన్నది ఎంచుకున్న రకాన్ని బట్టి ఉంటుంది, చీటీలో అది తప్పక చూసుకోండి.