మూడు మార్కుల తేడా, రెండున్నర రెట్ల బార్

మొన్న మా ఆఫీసు రివ్యూ మీటింగ్‌లో ఒక స్లైడ్ పుణ్యమా అని ఒక టీమ్ లీడ్ అందరి ముందూ చీవాట్లు తింది. నాకింకా ఆ కోపం చల్లారలేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు, భరించండి.

స్లైడ్‌లో నాలుగు టీమ్‌లకు కస్టమర్లు ఇచ్చిన స్కోర్లున్నాయి. వందకి ఎ టీమ్‌కి 85, బి టీమ్‌కి 82, సి టీమ్‌కి 84, డి టీమ్‌కి 83. ఈ అంకెలు నోటితో చెప్తే ఎవరైనా "అందరూ ఇంచుమించు ఒకటేగా" అంటారు. కానీ స్లైడ్ మీద ఎ టీమ్ బార్ తాటిచెట్టులా ఉంది, బి టీమ్ బార్ దాని నడుము దాకా కూడా లేదు. ఎందుకంటే నిలువు అక్షం 80 దగ్గర మొదలైంది. ఎ బార్ ఎత్తు 5, బి బార్ ఎత్తు 2. అంటే కంటికి రెండున్నర రెట్లు. "ఏంటమ్మా మీ టీమ్ ఇంతలా పడిపోయింది?" అని పెద్దాయన అడిగేశారు. ఎడమ పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న 80ని ఆయన చూడలేదు. నిజం చెప్పాలంటే మొదటి అరనిమిషం నేనూ చూడలేదు.

ఈ మోసాన్ని కొలవడానికి, గ్రాఫుల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆయన ఒక లెక్క చెప్పాడు. బొమ్మలో కనిపించే మార్పుని అసలు డేటాలోని మార్పుతో భాగించాలి. బొమ్మ నిజాయితీగా ఉంటే జవాబు 1కి దగ్గర్లో వస్తుంది. మన స్లైడ్‌కి వేసి చూద్దాం. ఎత్తు 2 నుంచి 5 అయింది, అంటే 150 శాతం పెరిగింది. డేటా 82 నుంచి 85 అయింది, అంటే దాదాపు 3.7 శాతం. భాగిస్తే 41 చిల్లర. గోరంతని కొండంత చేయడం అంటారే, దానికి లెక్క ఇదన్నమాట.

స్లైడ్ చేసిన అబ్బాయిని తర్వాత అడిగితే "నేనేం చేయలేదన్నా, ఎక్సెలే అలా గీసింది" అన్నాడు. అబద్ధం కాదు. విలువలు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే సున్నా వదిలేసి పైనెక్కడో మొదలుపెడుతుంది, బార్ చార్ట్‌కి కూడా. అక్షం మీద రైట్ క్లిక్ చేసి Format Axis తెరిస్తే Bounds కింద Minimum అని ఉంటుంది. అక్కడ 0 కొట్టమన్నాను. కొట్టాడు. నాలుగు బార్‌లూ ఒకే ఎత్తుకి వచ్చి నిలబడ్డాయి. కాసేపు స్క్రీన్ వైపు చూసి, "ఇలాగైతే చెప్పడానికేం ఉండదుగా" అన్నాడు.

అక్కడే ఉంది కిటుకు. చెప్పడానికేం లేదన్నదే ఆ డేటా చెప్తున్న కబురు.

ఇది విని "అయితే ప్రతి గ్రాఫూ సున్నా నుంచే మొదలవ్వాలి" అని పట్టుబట్టేవాళ్లుంటారు. వాళ్లతోనూ నాకు పేచీయే. బార్‌లో మన కన్ను చదివేది పొడవుని. అడుగు కోసేస్తే పొడవు అబద్ధమైపోతుంది, కాబట్టి బార్‌కి సున్నా తప్పనిసరి. గీతలోనూ చుక్కలోనూ కన్ను చదివేది అది ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది. అక్కడ సున్నా అక్కర్లేదు. జ్వరం చార్ట్‌నే తీసుకోండి. 37 డిగ్రీల నుంచి 39.5కి పోయిన జ్వరాన్ని సున్నా నుంచి గీస్తే గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, ఒళ్లు కాలిపోతున్నా గ్రాఫ్‌లో తెలీదు. మా స్కోర్లలో కూడా ఆ మూడు మార్కులు నిజంగా ముఖ్యమే అనుకుంటే, బార్‌లు తీసేసి చుక్కలు పెట్టి 75 నుంచి 90 వరకు చూపించొచ్చు. తేడా కనిపిస్తుంది, "రెండున్నర రెట్లు" అన్న భ్రమ మాత్రం రాదు.

తర్వాతి స్లైడ్ ఇంకా ఘోరం. ఒకే చార్ట్‌లో రెండు నిలువు అక్షాలు. ఎడమవైపు నెలనెలా ఇచ్చిన ట్రైనింగ్ గంటలు, జనవరిలో 10 నుంచి జూన్‌లో 60కి, స్కేలు 0 నుంచి 60. కుడివైపు ఫిర్యాదులు, 436 నుంచి 408కి, స్కేలు 400 నుంచి 440. ఒక గీత పైకి, ఒకటి కిందికి, మార్చి ఏప్రిల్ మధ్య రెండూ కత్తెరలా దాటుకున్నాయి. "ఏప్రిల్ నుంచి ట్రైనింగ్ ఫిర్యాదుల్ని దాటేసింది చూడండి" అన్నారొకరు. గంటలు ఫిర్యాదుల్ని దాటడమేమిటండీ బాబూ? కిలోలు కిలోమీటర్లని దాటతాయా?

నేను ఇంటికొచ్చి అవే అంకెలతో ఆడుకున్నాను. కుడి అక్షాన్ని 0 నుంచి 450 చేస్తే ఫిర్యాదుల గీత పైన దాదాపు అడ్డంగా పడుకుంది, గీతలు కలిసే చోటు మే జూన్ మధ్యకి జరిగింది. దానికి తోడు ఎడమ అక్షాన్ని 0 నుంచి 100 చేస్తే రెండు గీతలూ అసలు కలవనే లేదు. డేటాలో ఒక్క అంకె మారలేదు. అంటే ఆ కత్తెర డేటాలో లేదు, స్కేలు ఎంచుకున్నవాడి చేతిలో ఉంది. అక్షం కోయడంలో తిప్పడానికి ఒకటే మర ఉంటుంది, ఇక్కడ రెండు, అంతే తేడా.

నన్నడిగితే రెండు చిన్న చార్ట్‌లు ఒకదాని కింద ఒకటి పెట్టి, నెలలు ఒకే వరసలో వచ్చేలా చూసుకుంటే చాలు. అప్పుడు కూడా ట్రైనింగ్ వల్లే ఫిర్యాదులు 6 శాతం తగ్గాయని ఆరు నెలల డేటాతో తేలదు. ఆర్నెల్లుగా పెరుగుతున్నది ఏది పక్కన పెట్టినా అలాగే కనిపిస్తుంది. రెండు అక్షాలకి నేను ఒప్పుకునేది ఒక్కచోటే: ఒకే కొలతని రెండు యూనిట్లలో చూపేటప్పుడు, సెల్సియస్ ఒకవైపు ఫారెన్‌హీట్ ఒకవైపు అన్నట్టు. అక్కడ ఒక స్కేలు ఫిక్స్ చేస్తే రెండోది దానంతటదే ఫిక్సవుతుంది.

మూడో స్లైడ్‌లో ఎ, బి, సి, డి టీమ్‌లని గీతతో కలిపేశారు. ఎ నుంచి బికి దిగుడు, బి నుంచి సికి ఎక్కుడు. ఎకీ బికీ మధ్యలో ఏ టీమ్ ఉందని ఆ గీత? వరస మార్చి డి, సి, ఎ, బి అని రాస్తే బొమ్మ మొత్తం మారిపోతుంది. టీమ్ అనేది పేరు, కొలత కాదు. పేర్లకి బార్‌లు వేసి పెద్దది ముందు వచ్చేలా పేర్చుకోవాలి. గీత నెలల్లాగా వరస, మధ్య దూరం ఉన్నవాటికి. టీమ్‌లకి 1, 2, 3, 4 అని నంబర్లిచ్చినా అవి పేర్లే. "సగటు టీమ్ 2.5" అంటే మీకు నవ్వొస్తే, అది సంఖ్య కాదన్నమాట.

అదే స్లైడ్‌లో కొలత ఒకటుంది, కస్టమర్ల ఫోన్లకి జవాబివ్వడానికి పట్టిన నిమిషాలు. దానికి మాత్రం టీమ్‌కో సగటు బార్ వేసి ఊరుకున్నారు. ఎకీ బికీ సగటు 12 నిమిషాలే. నేను అసలు డేటా అడిగి తీసుకుని, ఐదేసి నిమిషాల గడులు చేసి, ఏ గడిలో ఎన్ని ఫోన్లు పడ్డాయో చూపే హిస్టోగ్రామ్ గీశాను. ఎ టీమ్ ఫోన్లన్నీ 12 చుట్టూ ఒకే గుట్టగా ఉన్నాయి. బిలో రెండు గుట్టలు. పదింట ఏడు ఫోన్లకి నాలుగైదు నిమిషాల్లోనే జవాబు, మిగతా మూడింటికి అరగంట. ఆ అరగంట ఫోన్లు దాదాపు అన్నీ రాత్రి షిఫ్టువే, ఆ షిఫ్టులో ఉండేది ఒక్క మనిషే. ఆ హిస్టోగ్రామ్‌ని చీవాట్లు తిన్న ఆవిడకే పంపించాను.